మాటా పలుకూ లేకుండా వర్క్‌షీట్ ఫోటో వస్తే

వాట్సాప్‌లో ఒక వర్క్‌షీట్ ఫోటో వస్తుంది. కింద ఒక్క ముక్క కూడా ఉండదు. పంపింది మీ చెల్లెలు కావచ్చు, పక్కింటి వదిన కావచ్చు, మీ దగ్గర ట్యూషన్‌కు వచ్చే పాప వాళ్ల నాన్న కావచ్చు. మా తిరుపతిలో ఇలాంటి ఫోటోలు రాత్రి ఎనిమిది దాటాకే ఎక్కువగా వస్తాయి. కొట్టు కట్టేసి ఇంటికి చేరినవాళ్లు, కొండమీద డ్యూటీ దిగి వచ్చినవాళ్లు అప్పుడే పిలకాయల బ్యాగు తెరిచి చూస్తారు. చూడగానే టెన్షన్, వెంటనే ఫోటో.

కాస్త చదువుకున్నవాళ్లు ఎవరైనా ఆ షీటులోని లెక్కలన్నీ ఐదు నిమిషాల్లో చేసి తిరిగి పంపగలరు. అలా చేయడం సరైన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పద్ధతి మాత్రమే చెప్పి ఆగాల్సిన సందర్భాలు అంతకంటే ఎక్కువ. ఏది ఎప్పుడు అన్నది చాలావరకు ఆ ఫోటోలోనే కనిపిస్తుంది. మూడో తరగతి తీసివేతల షీటు ఒకదాన్ని ముందు పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో చెబుతాను. మూడో తరగతిలో నాకు ఎక్కువగా వచ్చే ఫోటోలు తీసివేతలవే.

ముందు ఫోటోను పూర్తిగా చదవండి

లెక్కల మీదికి వెళ్లకముందు కాగితం మొత్తాన్ని చూడండి. పైన తారీకు ఉందా? సూచన ఇంగ్లీషులో ఉందా, తెలుగులో ఉందా? చేసి చూపించిన నమూనా లెక్క ఏమైనా ఉందా? పాప పెన్సిలుతో కొన్ని రాసిందా, లేక షీటంతా ఖాళీగా ఉందా? ఎర్ర పెన్ను గుర్తులు ఉన్నాయా? రబ్బరుతో చెరిపిన మరకలు ఎక్కడ ఉన్నాయి?

వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో మాట చెబుతుంది. షీటంతా ఖాళీగా ఉండి సూచన ఇంగ్లీషులో ఉంటే, లెక్క రాకపోవడం కంటే సూచన అర్థం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు సూచనను తెలుగులో చెప్పి ఊరుకోవచ్చు, మిగతాది పాపే చేసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉంటాయి కాబట్టి అదే పాఠం తెలుగు పేజీ తీయమంటే సరిపోతుంది. సగం రాసి మిగతాది వదిలేసి ఉంటే పాప ఎక్కడో ఇరుక్కుంది. ఎర్ర గుర్తులు ఉంటే టీచరు దిద్దేశారు, కాబట్టి తల్లికి కావాల్సింది తప్పు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం. అన్నీ రాసి ఉండి ఎర్ర గుర్తు ఒక్కటీ లేకపోతే, సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని పంపి ఉంటారు.

ఫోటో మసకగా ఉంటే ఊహించి చేయకండి. పెన్సిలు రాతలో 1కీ 7కీ, 0కీ 6కీ తేడా తెలియదు. ట్యూబులైటు కింద తీస్తే చేతి నీడ సరిగ్గా అంకెల మీదే పడుతుంది. కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనిపించేలా, లైటుకు ఎదురుగా నిలబడి తీయమని చెప్పండి. ఆ తర్వాత కూడా అనుమానం ఉంటే లెక్కను తిరిగి చదివి వినిపించండి: "అయిదు వందల మూడులో నుంచి రెండు వందల అరవై ఏడు, అవునా?" అంకె ఒకటి తప్పు చదివి పద్ధతంతా సరిగ్గా చెప్పినా, పాపకు జవాబు కలవదు. మన మాట మీద నమ్మకం పోతుంది.

ఒకే ఒక ప్రశ్న అడగండి

మాట లేకుండా ఫోటో పంపడంలో నిర్లక్ష్యం ఏమీ లేదు. కొందరికి ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రాదు. చిత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లలో కొందరికి తెలుగు మాట్లాడటం వచ్చినా రాయడం కష్టం. ఇంకొందరికి ఏం అడగాలో తెలియదు. మూడో తరగతి లెక్క తమకు రావడం లేదని రాతలో ఒప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లూ ఉంటారు. అందుకే మీ ప్రశ్న కూడా వాయిస్ మెసేజ్‌గానే ఉంటే మంచిది, వాళ్లు ఒక్క ముక్కలో జవాబు ఇవ్వగలిగేలా ఉండాలి.

"ఏం కావాలమ్మా?" అని అడిగితే జవాబు రాదు. "పాప రాసినవి సరిచూడాలా, ఎలా చేయాలో చెప్పాలా?" అని అడిగితే వస్తుంది. ఒకసారి పూలకొట్టు నడుపుకునే ఒకామె నుంచి నాకు ఇలాగే ఫోటో వచ్చింది. ఈ ప్రశ్న అడిగితే, "అక్కా, నాకే ఇవి మరిచిపోయినాయి, నువ్వు చెప్తే నేను దానికి చెప్తా" అంది. అప్పుడు మనం నేర్పాల్సింది తల్లికి. ఆమెకు లెక్క మొత్తం చేసి చూపించడంలో తప్పేమీ లేదు, షీటులో లేని లెక్క అయితే చాలు.

జవాబు రాకపోయినా పని ఆపాల్సిన అవసరం లేదు. రెండు సందర్భాలకూ పనికొచ్చేది ఒకటి పంపవచ్చు: పాప రాసిన వాటిలో ఏ నంబర్లు సరిగ్గా ఉన్నాయో, ఏవి మళ్లీ చూసుకోవాలో చెప్పండి. దానితో పాటు అలాంటిదే వేరే లెక్క ఒకటి చేసి చూపించండి. సరిచూడమని పంపినవాళ్లకు అదీ చాలు, ఎలాగో తెలియక పంపినవాళ్లకు ఇదీ చాలు.

తప్పు జవాబును చదవండి

ఇక్కడ ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు. ఆ పూలకొట్టు ఆమె పంపిన షీటులో పన్నెండు తీసివేతలు. పాప అయిదు చేసింది, ఏడు వదిలేసింది. చేసినవి ఇవి:

```
 85 -  42 =  43
 72 -  38 =  46
679 - 254 = 425
614 - 231 = 423
503 - 267 = 364
```

మొదటిదీ మూడోదీ సరైనవి, మిగతా మూడూ తప్పు. "అయిదులో మూడు తప్పు, పాపకు తీసివేతలు రావు" అని మనకు అనిపిస్తుంది. నిజానికి ఈ పాప ఒకే ఒక నియమాన్ని అయిదు లెక్కల్లోనూ పట్టు వదలకుండా పాటించింది: ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేయడం. 72లో నుంచి 38 తీసేటప్పుడు ఒకట్లలో పైన 2, కింద 8 ఉన్నాయి. ఆమె 8లో నుంచి 2 తీసి 6 రాసింది. 503 లెక్కలో 7లో నుంచి 3 తీసి 4, 6లో నుంచి 0 తీసి 6, 5లో నుంచి 2 తీసి 3 రాసింది. 364 అలా వచ్చింది. అప్పు తెచ్చుకోవాల్సిన అవసరం లేని లెక్కల్లో ఈ నియమం సరైన జవాబే ఇస్తుంది. అందుకే 43, 425 సరిపోయాయి, పాపకు తన పద్ధతి మీద అనుమానం రాలేదు.

అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు 1978లో పిల్లల తీసివేత తప్పుల మీద ఒక పేరున్న వ్యాసం రాశారు. తప్పుల్లో చాలావాటి వెనక అజాగ్రత్త కాకుండా, పిల్లలు క్రమం తప్పకుండా పాటించే ఒక తప్పుడు నియమం ఉంటుందని అందులో చూపించారు. నియమాన్ని మనం కనిపెట్టగలిగితే పాప తరువాతి లెక్కకు ఏ తప్పు జవాబు రాస్తుందో ముందే చెప్పవచ్చు. ఈ షీటులో ఖాళీగా ఉన్న 400 − 156కు ఈ పాప 356 రాస్తుంది. మీ అంచనా సరైనదో కాదో తెలుసుకోవడానికి ఆ ఒక్క లెక్క చేసి పంపమనండి. 356 వచ్చిందంటే జబ్బు దొరికినట్టే. సరైన జవాబు 244.

అదే 503 − 267కు ఇంకో పాప 246 రాస్తే కథ వేరు. ఆ పాపకు అప్పు తెచ్చుకోవడం తెలుసు. వందల నుంచి తెచ్చి సున్నాను పది చేసింది, ఆ పదిలో నుంచి ఒకటి ఒకట్లకు పోయిందన్న సంగతి మరిచిపోయి 10లో నుంచి 6 తీసి 4 రాసింది. 336 రాసిన పాప ఆ సంగతి మరిచిపోలేదు, సున్నాను 9 చేసుకుంది. కానీ 5ను కొట్టేసి 4 రాయడం వదిలేసింది. సరైన జవాబు 236. ఒకే లెక్కకు 364, 246, 336 అని మూడు తప్పు జవాబులు వస్తే, చెప్పాల్సినవి మూడు వేర్వేరు సంగతులు. ఈ ముగ్గురికీ కలిపి మొదటి నుంచి పాఠం చెబితే, రెండో పాపకూ మూడో పాపకూ తెలిసినదే మళ్లీ చెప్పి, తెలియనిదాన్ని దాటవేసినట్టవుతుంది.

రబ్బరు మరకలు పనికొచ్చేదీ ఇక్కడే. ఫోటోను పెద్దది చేసి 5 మీద చూడండి. 5ను కొట్టేసి 4 రాసి, మళ్లీ చెరిపిన జాడ ఉంటే పాప సరైన దారిలో బయలుదేరి సున్నా దగ్గర భయపడి వెనక్కి వచ్చింది. అప్పుడు రెండంకెల లెక్కలకు పోనవసరం లేదు, నేరుగా సున్నా సంగతి చెప్పవచ్చు. పూలకొట్టు ఆమె పంపిన షీటులో అలాంటి జాడ ఏదీ లేదు, 72 − 38లోనే తప్పు పోయింది. కాబట్టి రెండంకెలతోనే మొదలుపెట్టాలి.

షీటులో లేని లెక్కతో చెప్పండి

షీటులోని లెక్కనే చేసి చూపిస్తే పాప దాన్ని దించేసుకుంటుంది. దించుకోవడంలో పాప తప్పేమీ లేదు, మన చేతి రాత ఎదురుగా ఉంటే ఎవరైనా అదే చేస్తారు. అంకెలు మారి, లెక్కలోని చిక్కు మాత్రం అదే ఉండాలి. 72 − 38కు బదులు 63 − 28 తీసుకోండి. 503 − 267కు బదులు 602 − 345. మధ్యలో సున్నా ఉంది, ఒకట్లూ చాలవు, పదులూ చాలవు. మీరు చెప్పేది విన్నాక పాప 503 దగ్గర ప్రతి అడుగూ మళ్లీ తనే వేయాలి.

మనలో చాలామంది చిన్నప్పుడు విన్న మాట "పక్కింట్లో నుంచి ఒకటి అప్పు తెచ్చుకో". చెప్పడానికి సులువే కానీ పిలకాయలకు రెండు చోట్ల తిరకాసు. తెచ్చింది ఒకటి అయితే ఇక్కడికి వచ్చేసరికి పది ఎలా అయింది? పక్కింట్లో సున్నా ఉంటే ఎవరిని అడగాలి? డబ్బుతో చెబితే ఈ రెండు ప్రశ్నలూ రావు. పది నోటు మార్చితే పది రూపాయి బిళ్లలు వస్తాయని కొట్టుకు వెళ్లే పాపకు తెలుసు. పది నోట్లు ఇప్పుడు ఇళ్లల్లో అన్ని దొరకవు కాబట్టి పాత నోటుపుస్తకం కాగితం చింపి చీటీలు చేయమనండి: 100 అని రాసినవి ఆరు, 10 అని రాసినవి పది, 1 అని రాసినవి పదమూడు. అమ్మ చిల్లర ఇచ్చే మనిషి.

మొదట 63 − 28. పాప ముందు ఆరు పది చీటీలు, మూడు ఒకటి చీటీలు. అందులో నుంచి 28 ఇవ్వమని అమ్మ అడుగుతుంది. ఎనిమిది ఒకట్లు ఇవ్వాలి, ఉన్నవి మూడే. ఇక్కడ అమ్మ ఏమీ చెప్పకుండా ఆగాలి. పాప తనంతట తాను ఒక పది చీటీ తీసి "చిల్లర ఇయ్యి" అంటే పని సగం అయిపోయినట్టే. మార్చాక పాప దగ్గర అయిదు పదులు, పదమూడు ఒకట్లు. "ఇప్పుడు మొత్తం ఎంత?" అని అడగమనండి. ఇంకా అరవై మూడే అని పాప నోటితో చెప్పాలి. చిల్లర మార్చినంత మాత్రాన డబ్బు తగ్గదని తెలియడమే ఈ పద్ధతిలో కీలకం. తర్వాత ఎనిమిది ఒకట్లు, రెండు పదులు ఇచ్చేస్తే మిగిలేది 35.

ఇప్పుడు 602 − 345. ఆరు వందలు, రెండు ఒకట్లు, పదులు ఒక్కటీ లేవు. అయిదు ఒకట్లు ఇవ్వాలి. పది చీటీ మార్చుదామంటే లేదు. కాబట్టి ఒక వంద చీటీ ఇచ్చి పది పదులు తీసుకోవాలి: అయిదు వందలు, పది పదులు, రెండు ఒకట్లు. వాటిలో ఒక పదిని మార్చితే అయిదు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. మళ్లీ అదే ప్రశ్న, మొత్తం ఎంత? అయిదు వందలు, తొంభై, పన్నెండు కలిపితే ఆరు వందల రెండే. సున్నా పైన రాసే ఆ తొమ్మిది ఎక్కడిదో పాప కళ్ల ముందే ఉంది. ఇక ఇవ్వడమే.

చీటీలతో వచ్చిన జవాబు కాగితం మీదికి దానంతటది రాదు. చాలామంది చీటీల దగ్గరే ఆపేసి, మర్నాడు పాప మళ్లీ 364 రాసిందని బాధపడతారు. చీటీ మారిన ప్రతిసారీ, వెంటనే, పెన్సిలుతో అంకెను కొట్టేసి పైన కొత్తది రాయించాలి. వంద చీటీ ఇచ్చినప్పుడు 6 కొట్టేసి 5, సున్నా కొట్టేసి 10. పది చీటీ ఇచ్చినప్పుడు 10 కొట్టేసి 9, 2 కొట్టేసి 12. చివరికి కాగితం ఇలా ఉంటుంది:

```
వందలు   పదులు   ఒకట్లు
  5       9       12
  6       0        2
- 3       4        5
----------------------
  2       5        7
```

సరిచూడటం కూడా పాపే చేయాలి. 257కు 345 కలిపితే 602 రావాలి. తన పాత 364ను కూడా ఇలాగే చూడమనండి: 364కు 267 కలిపితే 631 వస్తుంది, 503 రాదు. తప్పని మనం చెప్పే బదులు పాప తనే కనిపెడుతుంది, ఇక మీద మన ఫోటో లేకుండానే సరిచూసుకోవచ్చు.

పంపేటప్పుడు ఇదంతా టైపు చేయకండి. తెల్ల కాగితం మీద పెద్ద అంకెలతో ఈ ఒక్క లెక్క రాసి ఫోటో తీయండి, దానితో పాటు నిమిషం దాటని వాయిస్ మెసేజ్ ఒకటి పంపండి. నేను పంపింది దాదాపు ఇలా ఉంటుంది: "అమ్మా, పాప చేసినవాటిలో ఒకటోదీ మూడోదీ బాగున్నాయి. మిగతా మూడింట్లో పైన చిన్న అంకె ఉన్నచోట కింది అంకెలో నుంచి తీసేసింది. చీటీలు చేసి, ముందు అరవై మూడులో నుంచి ఇరవై ఎనిమిది ఇప్పించు. తర్వాత ఫోటోలో రాసిన లెక్క. నువ్వు చిల్లర మాత్రమే ఇయ్యి, ఎంత మిగిలిందో దాన్నే చెప్పనీ. అయ్యాక షీటులో రెండోదీ అయిదోదీ మళ్లీ చేయించి ఫోటో పెట్టు, మిగిలినవి రేపు చూద్దాం."

అన్నీ కాకుండా రెండే చేయించమన్నది కావాలనే. తప్పుడు నియమంతో పన్నెండు చేస్తే ఆ నియమమే గట్టిపడుతుంది. కొత్త పద్ధతిలో రెండు సరిగ్గా వచ్చాక మిగతావి చేసినా ఆలస్యమేమీ కాదు.

ఇంట్లో తాతయ్యో నానమ్మో వేరే పద్ధతి చెబుతుంటే ఒక్క మాట. కొందరు పెద్దవాళ్లు పై అంకెను కొట్టేయరు. పైన పది కలిపి, పక్క వరుసలో కింది అంకెకు ఒకటి కలుపుతారు. 503 − 267లో 13లో నుంచి 7 పోతే 6, కింద 6 కాస్తా 7 అయి 10లో నుంచి పోతే 3, కింద 2 కాస్తా 3 అయి 5లో నుంచి పోతే 2. జవాబు అదే 236, పద్ధతి కూడా సరైనదే. కానీ పాప ఒకే రాత్రి రెండూ వింటే పైనా కొట్టేసి కిందా కలుపుతుంది. షీటు పైన నమూనా లెక్క ఉంటే అందులో ఉన్న పద్ధతే ఆ రాత్రికి ఖాయం చేయండి. తాతయ్య పద్ధతి ఇది కుదురుకున్నాక నేర్చుకోవచ్చు.

జవాబులు నేరుగా ఇచ్చేయాల్సినప్పుడు

పాప అన్నీ చేసేసింది, తల్లికి సరిచూసుకోవడం రాదు. అప్పుడు పన్నెండు జవాబులూ నంబర్ల వారీగా తల్లికి పంపండి, దాచాల్సిన పని లేదు. పాప పక్కనే కూర్చుని ఫోన్ చూస్తుంటుంది అనిపిస్తే జవాబుల బదులు టిక్కులు పంపితే చాలు.

షీటులోనే అచ్చు తప్పు ఉండి లెక్క కుదరకపోతే అదీ నేరుగా చెప్పేయాలి. మూడో తరగతి షీటులో 237లో నుంచి 405 తీయమని ఉంటే అంకెలు తారుమారయ్యాయి. పాప గంటసేపు ఏడవకుండా ఆ నంబరు వదిలేయమని, పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టమని చెప్పండి.

చిక్కు వచ్చేది రాత్రి తొమ్మిదిన్నరకు "రేపు ఇవ్వాలి అక్కా, పాప నిద్రపోతాంది, చేసి పెట్టు" అన్నప్పుడు. నేను చేసి పెట్టను, ఎందుకో తల్లికి చెబుతాను. పన్నెండూ సరిగ్గా ఉన్న షీటు చూస్తే టీచరు ఈ పాపకు తీసివేతలు వచ్చనుకుని గుణకారాల్లోకి వెళ్లిపోతారు. ఖాళీలు కనిపిస్తే ఆగి చూస్తారు. షీటు వెనక వైపు రెండు వాక్యాలు రాయమని చెబుతాను: "మేడం, అప్పు తెచ్చుకునే లెక్కలు పాపకు రావడం లేదు. 72 − 38 దగ్గర నుంచి మళ్లీ చెప్పగలరు." రాయడానికి తల్లి ఇబ్బంది పడితే మీరే టైపు చేసి పంపండి, చూసి రాసుకుంటుంది. పాప తిట్లు తింటుందేమోనని భయపడే తల్లులకు ఈ కాగితం ముక్క కాస్త ధైర్యం కూడా ఇస్తుంది.

ఇంకొకటి. షీటు మీద పాప పేరు, బడి పేరు, రోల్ నంబరు ఉంటాయి. వేరే ఎవరినైనా అడగడానికి ఫార్వర్డ్ చేయాల్సి వస్తే పై భాగం కత్తిరించి పంపండి, పెద్ద గ్రూపుల్లో అసలే పెట్టకండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు లెక్కల ఫోటో తిరిగి వచ్చి రెండూ సరిగ్గా ఉంటే, 34, 236 చూసి అక్కడితో ఆగిపోకండి. 503లో 5 కొట్టేసి 4, సున్నా పైన 9, మూడు పక్కన 13 ఉన్నాయో లేదో చూడండి. పైన ఒక్క గుర్తూ లేకుండా 236 మాత్రమే ఉంటే పాప మనసులో చేసి ఉండవచ్చు, ఇంకెవరైనా చెప్పి ఉండవచ్చు. "ఈ తొమ్మిది ఎక్కడ నుంచి వచ్చింది పాపా?" అని అడిగి వాయిస్ పెట్టించమంటే తేలిపోతుంది. "వంద చిల్లర మారిస్తే పది పదులు, అందులో ఒకటి మళ్లీ మార్చినాం" అని తన మాటల్లో చెబితే వచ్చినట్టే. "సున్నా ఉంటే తొమ్మిది వేయాల" అని మాత్రమే అంటే కొత్త నియమాన్ని బట్టీ పట్టింది. అలాంటి పాప 560 − 324 వస్తే చివరి సున్నాను కూడా తొమ్మిది చేస్తుంది. అక్కడ ఒకట్లలో ఉండాల్సింది పది, పదుల్లో అయిదు, జవాబు 236.

మర్నాడు ఇవ్వాల్సిన లెక్క ఇంకొకటి ఉంది: 548 − 213. ఇందులో చిల్లర మార్చే పనే లేదు, జవాబు 335. కొత్తగా అప్పు తెచ్చుకోవడం నేర్చిన పిల్లలు ఇక్కడ కూడా 4ను కొట్టేసి 18లో నుంచి 3 తీసి 15 రాసేసి, ఆ పదిహేను ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతారు. అలా జరిగితే భయపడక్కర్లేదు. లెక్క మొదలుపెట్టే ముందు ప్రతి వరుసలో "ఉన్నవి చాలుతాయా?" అని పైకి అనమని చెప్పండి, చాలితే చీటీ మార్చకూడదు.

పదమూడులో నుంచి ఏడు తీయడానికే పాప వేళ్లు లెక్కపెట్టుకుంటూ మూడు రకాల జవాబులు చెబుతుంటే, ఇక ఫోటోలతో పని జరగదు. ఆ పాపకు కావాల్సింది ఇరవై లోపు తీసివేతలు, అవీ చింతగింజలతో ఎదురుగా కూర్చుని చేయాల్సినవి. తల్లితో ఆ మాట సూటిగా చెప్పి, ఆదివారం పొద్దున పాపను ఒక అరగంట పంపమనండి.